మలుపుల దారి పడని పిల్లతో ఊటీ ప్రయాణం

మా హాసినికి బస్సు పడదు. కారు కొంత నయం, రైలు హాయి, ఘాట్ రోడ్డు మాత్రం పగ. మేము చెన్నైలో పెరంబూరులో ఉంటాం. అత్తయ్యగారిది ఒంగోలు. ఆవిడకు పార్శ్వపు నొప్పి ఉంది, ఆవిడకూ కొండ దారులు పడవు. ఇలాంటి ఇద్దరిని వెంటపెట్టుకుని ఎక్కడికి బయలుదేరినా, చుట్టాలు నిమ్మకాయ వాసన చూపించమని, చింతపండు చప్పరించమని, ఖాళీ కడుపుతో కూర్చోబెట్టమని సలహాలు ఇస్తారు. ఇవన్నీ బండి ఎక్కాక చేసేవి. ఏ దారిన, ఏ బండిలో, ఏ వేళలో వెళ్ళాలో ముందే సరిగ్గా ఎంచుకుంటే వాంతుల బెడద చాలావరకు రాకుండానే పోతుందని నాకు ఊటీ ప్రయాణంతో నమ్మకం కుదిరింది. అది ఎలా ఎంచుకున్నామో వివరంగా రాస్తున్నాను.

నన్ను మొదట ఆలోచనలో పడేసింది తిరుమల. కొండ ఎక్కేటప్పుడు హాసిని కిటికీలోంచి గోపురాలు ఎప్పుడు కనిపిస్తాయా అని చూస్తూ బాగానే ఉంటుంది. దిగేటప్పుడే సగం దారిలో మాట ఆగిపోతుంది. ప్రసాదం తిన్నందువల్ల అనుకునేవాళ్ళం. కానీ ఏమీ తినకుండా దిగినా అంతే. ఎక్కే దారి, దిగే దారి వేరని అందరికీ తెలిసిందే. దిగేది 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు. అందులో మలుపులు ఎక్కువ, బిగువుగానూ ఉంటాయి. పైగా దిగుడులో డ్రైవరు మాటిమాటికీ బ్రేకు వేస్తాడు. కొండ అదే, బస్సు అదే, పిల్ల అదే. మారింది దారి ఒక్కటే. అంటే కడుపు తిప్పడానికి కొండ ఎత్తు కారణం కాదు, కదలిక తీరు కారణం.

ఆ కదలిక తీరు గురించి చదివినకొద్దీ ఆసక్తి పెరిగింది. లోపలి చెవిలో ఉన్న సమతుల్య అవయవం శరీరం ఎటు ఊగుతున్నదో, ఎటు తిరుగుతున్నదో మెదడుకు చెబుతూ ఉంటుంది. కళ్ళు ముందు సీటు వెనకభాగాన్నో, ఫోను తెరనో చూస్తూ ఏమీ కదలడం లేదని చెబుతాయి. ఈ రెండు కబుర్లు పొసగనప్పుడు వికారం మొదలవుతుంది. అయితే అన్ని కదలికలూ ఒకటి కాదు. గతుకుల రోడ్డు మీద వేగంగా వచ్చే దడదడ వల్ల నడుము నొప్పి పుడుతుంది కానీ వాంతి రాదు. నెమ్మదిగా, పెద్దగా వచ్చే ఊపే వాంతి తెప్పిస్తుంది. ఓడ ఐదు సెకన్లకు ఒకసారి పైకి లేచి కిందికి దిగితే అది కడుపుకు అన్నిటికన్నా చెడ్డది. రోడ్డు మీద దానికి సాటి, కొన్ని సెకన్లకోసారి ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తోసే వంపుల వరస.

ఇది అర్థమయ్యాక హెయిర్‌పిన్‌ల లెక్క నన్ను భయపెట్టడం మానేసింది. ఫలానా కొండకు ఎన్ని హెయిర్‌పిన్‌లు ఉన్నాయని అందరూ అడుగుతారు. నిజానికి హెయిర్‌పిన్ దగ్గర ఏ డ్రైవరైనా బండిని దాదాపు ఆపినంత పని చేసి తిప్పుతాడు. రెండు హెయిర్‌పిన్‌ల మధ్య ఉండే చిన్న చిన్న వంపుల్లోనే వేగం అందుకుంటాడు, అక్కడే పిల్ల తల అటూ ఇటూ ఊగుతుంది. అందుకే ఇప్పుడు నేను ఫోనులో ఉపగ్రహ పటం తెరిచి, ఒక్కో కిలోమీటరులో దారి ఎన్నిసార్లు దిక్కు మారుస్తున్నదో వేలితో వెంబడించి చూస్తాను. హెయిర్‌పిన్ సంఖ్య కన్నా అది నిజం చెబుతుంది.

వేసవి సెలవుల్లో ఊటీ అనుకున్నప్పుడు మా బావగారి ప్రతిపాదన సూటిగా ఉంది. “టెంపో ట్రావెలర్ మాట్లాడుకుందాం. రాత్రి భోంచేసి ఎక్కితే తెల్లారేసరికి కొండ మీద ఉంటాం. రోజు కలిసొస్తుంది” అన్నారు. చెన్నై నుంచి ఊటీకి రోడ్డు దారి 550 కిలోమీటర్ల పైమాటే. రాత్రంతా బండిలో అరకొర నిద్ర. తీరా మెట్టుపాళయం దాటి ఘాట్ మొదలయ్యేది తెల్లవారుజామున, అందరి ఒళ్ళూ అలిసి, కడుపులు ఖాళీగా ఉన్న వేళకు. బయట చీకటి, దారి కనిపించదు. ఒక మనిషికి వికారం రావడానికి ఏమేం కావాలో అన్నీ ఒకే గంటలో కూడివచ్చే ఏర్పాటది. ఆ మాటే బావగారికి చెప్పాను. “మరి నీ దారి ఏదమ్మా?” అన్నారు. కాగితం మీద లెక్క వేసి చూపించాను.

ఆ లెక్క ఇది. ఓడల మీద జరిగిన పరిశోధనల నుంచి వచ్చిన ఒక కొలమానం ఉంది. వాంతి కలిగించే మోతాదు, తోపు బలంతో నేరుగా పెరుగుతుంది. సమయంతో మాత్రం దాని వర్గమూలం మేరకే పెరుగుతుంది. అంటే తోపు రెట్టింపైతే బాధ రెట్టింపవుతుంది. అదే ప్రయాణ సమయం రెట్టింపైతే బాధ ఒకటిన్నర రెట్ల లోపే ఉంటుంది. ఇక మలుపులో పక్కకు తోసే బలం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం సగం చేస్తే తోపు నాలుగో వంతుకు పడిపోతుంది. ఈ రెండూ కలిపి చూస్తే, మలుపుల దారిలో త్వరగా వెళ్ళి త్వరగా బయటపడదాం అనే మాట తలకిందులవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే దారిలో 30తో వెళ్తే తోపు దాదాపు సగానికి తగ్గుతుంది. సమయం మూడో వంతు పెరుగుతుంది. మొత్తం మోతాదు సుమారు మూడో వంతు తగ్గుతుంది. ఇది ఓడ పైకీ కిందికీ ఊగే ఊపు మీద తేల్చిన సూత్రం కాబట్టి రోడ్డుకు ఉజ్జాయింపుగానే వాడుకోవాలి. రెండు దారుల్లో ఏది మేలో తేల్చుకోవడానికి ఆ ఉజ్జాయింపు చాలు.

ఇప్పుడు మెట్టుపాళయం నుంచి కూనూరు వరకు చూద్దాం. బస్సు ఆ ఘాట్‌ను సగటున గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గంటంబావులో ఎక్కుతుందనుకుందాం. అదే కొండను నీలగిరి టాయ్ ట్రైన్, ఏటవాలు భాగంలో గంటకు 13 కిలోమీటర్లు మించని వేగంతో, మూడు గంటలు తీసుకుని ఎక్కుతుంది. ఆ రైలు దారిలో ఊటీ వరకు 208 వంపులు ఉన్నాయని వినగానే అత్తయ్యగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. కానీ ఒకే రకం వంపులో బస్సు తోపుతో పోలిస్తే ఆ రైలు తోపు ఐదో వంతు. సమయం రెట్టింపు కన్నా ఎక్కువ పట్టినా, చివరికి మోతాదు బస్సులో పడేదానికి మూడో వంతు కూడా ఉండదు. మూడు గంటల ప్రయాణం గంటంబావు ప్రయాణం కన్నా సుఖంగా ఉంటుందని మా ఇంట్లో వాళ్ళను ఒప్పించడానికి ఆ కాగితం పనికొచ్చింది.

రైలు టిక్కెట్లు దొరక్కపోతే బస్సే గతి కదా అని, బస్సులో ఎక్కడ కూర్చోవాలో కూడా చూసి పెట్టుకున్నాను. 1999లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు మూడు వేల పైచిలుకు బస్సు ప్రయాణికులను అడిగి రాసిన పరిశోధన ఒకటుంది. ముందున్న రోడ్డు బాగా కనిపించేవారితో పోలిస్తే, అసలు కనిపించనివారికి ఒంట్లో బాగుండకపోవడం సుమారు మూడు రెట్లు ఎక్కువగా ఉందని అందులో తేలింది. డ్రైవరు నడిపే తీరును బట్టి కూడా తేడా కనిపించింది. కాబట్టి పగటి పూట ఘాట్ రోడ్డులో డ్రైవరుకు అవతలి వైపు మొదటి రెండు వరుసలు బంగారం. వెనక చక్రాల తర్వాత ఉన్న వరుసలు మాత్రం వద్దే వద్దు. మలుపు తిరిగినప్పుడు ఆ భాగం విడిగా విసిరినట్టు ఊగుతుంది. రాత్రి బస్సు సంగతి వేరు. చీకట్లో ముందు కూర్చున్నా కనిపించేది తక్కువ. అప్పుడు రెండు జతల చక్రాల మధ్య, కింది బెర్తులో, వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకోవడమే మేలు. పై బెర్తు వద్దు. ఎత్తు పెరిగినకొద్దీ పక్కలకు ఊపు పెరుగుతుంది.

టిక్కెట్లు ఈ ప్రణాళికలో అన్నిటికన్నా కష్టమైన భాగం. రైల్వే ముందస్తు రిజర్వేషను 2024 నవంబరు నుంచి 120 రోజులకు బదులు 60 రోజులకు తగ్గింది. టాయ్ ట్రైన్ సీట్లు సెలవుల్లో తెరిచిన వెంటనే అయిపోతాయి. అందుకని ముందు టాయ్ ట్రైన్ ఏ రోజు దొరికితే ఆ రోజును ఖాయం చేసుకుని, మిగతా ప్రయాణాన్ని దాని చుట్టూ అల్లాం. ఎక్కడానికి దొరికాయి, దిగడానికి దొరకలేదు. వర్షాల్లో వెళ్ళేవారికి ఒక మాట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలకు ఆ పట్టాల మీద మట్టి, బండలు జారిపడుతుంటాయి. మెట్టుపాళయం, కూనూరు మధ్య రైలు రద్దవడం అప్పుడు మామూలే. ఆ నెలల్లో రైలును నమ్ముకుని వెళ్ళేవారు కారుకు రెండో ఏర్పాటు కూడా చేసుకోవాలి.

చెన్నై సెంట్రల్ నుంచి నీలగిరి ఎక్స్‌ప్రెస్ రాత్రి 9 దాటాక బయలుదేరి, తెల్లవారి 6 గంటల ప్రాంతంలో మెట్టుపాళయం చేరుస్తుంది. ఇది ఈ దారిలో ఉన్న గొప్ప సుఖం. మైదానమంతా పడుకుని దాటేస్తాం. కొండ మొదలయ్యే చోట రైలు దిగి, కాళ్ళు నేల మీద పెట్టి, ముఖం కడుక్కుని, ఏదైనా తిని, తేరుకున్న ఒంటితో ఎక్కుతాం. మలుపుల దారిని మిగతా ప్రయాణం నుంచి విడగొట్టడం అంటే ఇదే. బావగారి ట్రావెలర్‌లో ఈ విరామానికి చోటు లేదు.

మెట్టుపాళయంలో హాసినికి రెండు ఇడ్లీలు పెట్టించాను. ఖాళీ కడుపు మంచిదనే మాటను నేను నమ్మను. ఖాళీ కడుపులో పైత్యం తిరుగుతుంది, వాంతి వస్తే పిల్ల ఇంకా నలిగిపోతుంది. నూనె వస్తువులు, పాలు వద్దన్నాను. వడ కావాలని బావగారి అబ్బాయి పేచీ పెట్టాడు. వాడికి ఏ బండైనా పడుతుంది, తిననిచ్చాం.

టాయ్ ట్రైన్ ఉదయం 7 గంటల 10 నిమిషాలకు కదిలింది. కల్లార్ నుంచి కూనూరు వరకు పట్టాల మధ్యలో పళ్ళున్న కమ్మీ ఉంటుంది. ఇంజను కింద ఉన్న పళ్ళ చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. సుమారు పన్నెండు అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేచేంత ఏటవాలు అది. ఆవిరి ఇంజను వెనక నుంచి నెడుతుంది కాబట్టి ముందు పెట్టెలో వాళ్ళకు పొగ తక్కువ, దారి ఎక్కువ కనిపిస్తుంది. మాకు దొరికింది మధ్య పెట్టె. బల్లలు ఎదురెదురుగా ఉంటాయి. రైలు పోయే దిక్కుకు ముఖం పెట్టి, కిటికీ పక్కన హాసిని, అత్తయ్యగారు కూర్చున్నారు. మిగిలిన వాళ్ళం వాళ్ళకు ఎదురుగా వెనక్కి తిరిగి కూర్చున్నాం.

నేను లోయను చూసింది తక్కువ, పిల్ల ముఖాన్ని చూసింది ఎక్కువ. వాంతి రావడానికి చాలా ముందే గుర్తులు కనిపిస్తాయి. మొదట ప్రశ్నలు ఆగిపోతాయి. తర్వాత నిద్ర రాకపోయినా వరుసగా ఆవలింతలు. ఆ తర్వాత పై పెదవి మీద సన్నగా చెమట, పెదవులు పాలిపోవడం, నోట్లో ఊరుతున్న ఉమ్మిని మింగుతూ ఉండడం. ఆవలింతల దగ్గర ఆపితే పది నిమిషాల్లో తేరుకుంటుంది. పెదవి పాలిపోయాక ఆపితే గంటయినా పూర్తిగా తగ్గదు. ఆ రోజు కూనూరు వరకు హాసిని ప్రశ్నలు ఆగలేదు. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని పిల్లలందరితో కలిసి కేకలు వేసింది. హిల్‌గ్రోవ్ దగ్గర ఇంజను నీళ్ళు పట్టుకోవడానికి ఆగినప్పుడు అత్తయ్యగారు దిగి అటూ ఇటూ నడిచి, “ఇది రైలులా లేదే, ఎడ్లబండి మీద పోతున్నట్టుంది” అన్నారు. నాకు కావలసిన మెచ్చుకోలు అదే.

ఊటీ దాకా టిక్కెట్టు ఉన్నా మేము కూనూరులోనే దిగిపోయాం. బస కూడా అక్కడే పెట్టుకున్నాం. ఇది ప్రణాళికలో నాకు బాగా నచ్చిన నిర్ణయం. చాలామంది ఊటీలో బస చేసి, కారు మాట్లాడుకుని, ఒక్క రోజులో కూనూరు, డాల్ఫిన్స్ నోస్, లాంబ్స్ రాక్, మళ్ళీ ఊటీ అని చుట్టేస్తారు. కొండ మీదకు వచ్చాక ఇక భయం లేదనుకుంటారు. నిజానికి ఆ పై తిరుగుళ్ళలోనే ఎక్కువమందికి కడుపు తిప్పుతుంది. ఇరుకైన తేయాకు తోటల దారులు, అద్దె కారు వెనక సీటు, మధ్యాహ్న భోజనం తర్వాతి వేళ. మేము రోజుకు ఒక్క మలుపుల ప్రయాణమే అని నియమం పెట్టుకున్నాం. అదీ ఉదయం పూటే. డాల్ఫిన్స్ నోస్ ఒక ఉదయం చూసి వచ్చాం. మధ్యాహ్నాలు సిమ్స్ పార్కులోనూ, బస చుట్టుపక్కల దారుల్లోనూ నడకకు వదిలేశాం. ఊటీకి ఒక రోజు కూనూరు నుంచి రైల్లోనే వెళ్ళి రైల్లోనే వచ్చాం. ఆ ముక్కకు డీజిల్ ఇంజను, ఏటవాలు తక్కువ, టిక్కెట్లు కూడా కింది ముక్క అంత గగనం కాదు. ఈ పద్ధతిలో చూడగలిగిన చోట్లు తగ్గుతాయి, ఒప్పుకోవాలి. దొడ్డబెట్ట చూడలేదని బావగారు ఇప్పటికీ అంటారు.

తిరుగు ప్రయాణం కారులో. కూనూరు నుంచి మెట్టుపాళయానికి రెండు దారులు. ఒకటి బర్లియార్ మీదుగా నేరుగా దిగే ఘాట్, 14 హెయిర్‌పిన్‌లతో. రెండోది కోటగిరి మీదుగా చుట్టు తిరిగే దారి. వేసవి రద్దీలో పైకి వచ్చే బండ్లను కూనూరు దారిలో, దిగే బండ్లను కోటగిరి దారిలో పంపుతుంటారు కాబట్టి మాకు ఎలాగూ రెండోదే వచ్చేది. నాకూ కావలసింది అదే. కోటగిరి వరకు ఒక ముక్క, అక్కడ విరామం, కోటగిరి నుంచి మెట్టుపాళయానికి 33 కిలోమీటర్ల దిగుడు ఇంకో ముక్క. రెండో ముక్కలో ఎదురుగా వచ్చే బండ్లు తక్కువ కాబట్టి హఠాత్తుగా బ్రేకు వేసే అవసరమూ తక్కువ. సొంత కారులో వెళ్ళేవారు నీలగిరి జిల్లాకు ఈ-పాస్ తీసుకోవాలని మరిచిపోకండి. 2024 మే నుంచి ఆ నియమం ఉంది.

కారు మాట్లాడుకునేటప్పుడు నేను అడిగింది ఒక్కటే. వెనక సీటు మధ్యలో కూడా భుజం మీదుగా వచ్చే బెల్టు ఉండాలి. తొమ్మిదేళ్ళ పిల్లను ముందు సీట్లో కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. ప్రమాదం జరిగితే గాలి సంచి పిల్లకు దెబ్బ. వెనక మధ్య సీటు నుంచైతే ముందు అద్దంలోంచి రోడ్డు నిండుగా కనిపిస్తుంది. పక్క కిటికీలోంచి చూస్తే పరుగెత్తే చెట్లే కనిపిస్తాయి, అవి ఉపకారం కన్నా అపకారం చేస్తాయి. ముందు సీటు అత్తయ్యగారికి ఇచ్చాం.

డ్రైవరు కోటగిరి మనిషి, పెద్దాయన. బయలుదేరే ముందే తమిళంలో చెప్పాను: “అన్నా, మాకు తొందర లేదు. రైలు రాత్రికి. ముప్పై దాటొద్దు, పిల్ల ఆవలిస్తే చెబుతాను, చోటు చూసి ఆపండి.” ఆయన నవ్వి, “వాంతి చేసుకునే పిల్లలను చూసే నేను నడపడం నేర్చుకున్నానమ్మా. బ్రేకుతో దించితే వస్తుంది, గేరుతో దించితే రాదు” అన్నారు. నిజంగానే రెండో గేరులో పెట్టి, ఇంజను పట్టు మీదే దించారు. మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో ఒకే తీరున తిప్పి, బయటపడ్డాక నెమ్మదిగా వదిలేవారు. తల ముందుకు తూలడం లేదు, పక్కకు విసరడం లేదు. ఇరవై నిమిషాలకోసారి, ఆవలింత వచ్చినా రాకపోయినా, ఎక్కడో ఒకచోట ఆపి అందరం దిగి నిలబడ్డాం. అలా ఆగినప్పుడు పోగైన మోతాదు కొంత కరుగుతుంది. బాధ మొదలయ్యాక ఆగడం కన్నా మొదలవక ముందు ఆగడం ఎందుకు మేలో ఆ దారిలో కళ్ళారా చూశాను. ఒకసారి లారీ వెనక ఇరుక్కుని ఆపడానికి చోటు దొరకలేదు. హాసిని ఆవలింతలు మొదలయ్యాయి. కిటికీలు దించి, తల సీటుకు ఆనించి దూరంగా రోడ్డు మలుపునే చూడమన్నాం. తర్వాతి టీ కొట్టు దగ్గర ఆగేసరికి ముఖం కొంచెం పాలిపోయింది. పావుగంట కూర్చున్నాక మళ్ళీ ప్రశ్నలు మొదలుపెట్టింది. మెట్టుపాళయం వరకు కవరు తీయాల్సిన పని పడలేదు.

మాత్ర సంగతి కూడా చెప్పాలి. మా పిల్లల డాక్టరు వయసు, బరువు చూసి ప్రొమెథజైన్ రకం మాత్ర రాసిచ్చారు. బయలుదేరడానికి గంట రెండు గంటల ముందే వేయమన్నారు. వికారం మొదలయ్యాక కడుపు తన పని మందగిస్తుంది, అప్పుడు వేసిన మాత్ర లోపలే ఉండిపోతుంది, లేదా వాంతిలో పోతుంది. రెండేళ్ళ లోపు పిల్లలకు ఆ మందు ఇవ్వకూడదు. మగత వస్తుంది కాబట్టి బండి నడిపేవారు అసలే వేసుకోకూడదు. ఎక్కేటప్పుడు రైలు ఉంది కదా అని మాత్ర వేయలేదు, పిల్ల కొండంతా మెలకువగా చూసింది. దిగే రోజు ఉదయం మాత్రమే వేశాం. దారిని సరిగ్గా ఎంచుకుంటే మాత్ర ఎన్నిసార్లు వేయాలనేది మన చేతిలో ఉంటుంది.

ఇదే పద్ధతి తర్వాత అండమాన్ వెళ్ళినప్పుడు నీళ్ళ మీద కూడా పనికొచ్చింది. చెన్నై నుంచి రెండున్నర మూడు రోజుల ఓడ ప్రయాణం మా వాళ్ళకు కుదరదని విమానంలోనే వెళ్ళాం. నైరుతి రుతుపవనాల్లో ఆ సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, అందుకే ఫిబ్రవరి ఎంచుకున్నాం. స్వరాజ్ ద్వీప్, శహీద్ ద్వీప్ రెండూ చూడాలంటే, రాజధాని నుంచి ఒక్కోదానికి విడివిడిగా వెళ్ళి వస్తే నాలుగుసార్లు సముద్రం దాటాలి. ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్ళి, అక్కడి నుంచి తిరిగివస్తే మూడుసార్లే. ఫెర్రీల్లో కూడా ఎంపిక ఉంది. ప్రైవేటు పడవలు గంటన్నరలో చేరుస్తాయి కానీ మూసిన అద్దాల ఏసీ గదిలో కూర్చోబెడతాయి. ప్రభుత్వ ఫెర్రీ రెండున్నర గంటలు తీసుకుంటుంది, పైన తెరిచిన డెక్ ఉంటుంది. వర్గమూలం లెక్కన ఆ అదనపు గంట వల్ల పెరిగే మోతాదు నాలుగో వంతు పైచిలుకు మాత్రమే. దానికి బదులు గాలి దొరుకుతుంది, సముద్రం ఆకాశాన్ని కలిసే గీత కనిపిస్తుంది. కళ్ళకూ చెవికీ కబురు కలవడానికి ఆ గీతను మించినది లేదు. మేము ప్రభుత్వ ఫెర్రీయే ఎక్కాం. అలలు పెద్దవైతే మాత్రం డెక్ ముందు కొసన ఉండకూడదు. పడవ కొసలు ఎక్కువగా లేస్తాయి, మధ్యభాగం తక్కువగా లేస్తుంది. అత్తయ్యగారు మధ్యలో, కింది అంతస్తులో, కళ్ళు మూసుకుని పడుకుని దాటారు. హాసిని మధ్యలోనే, పైన కమ్మీ పట్టుకుని నిలబడి దాటింది. ఇద్దరికీ ఇబ్బంది కలగలేదు.

ఇప్పుడు బావగారు కొల్లి కొండలు అంటున్నారు. 70 హెయిర్‌పిన్‌లు అని గర్వంగా చెబుతున్నారు కూడా. ఆ కొండకు రైలు లేదు. మొత్తం దారిని ఒక్క ఊపులో ఎక్కాలి, మధ్యలో దిగి బస చేయడానికి ఊరు లేదు. అందుకే ముందు ఏలగిరి అన్నాను. జోలార్‌పేట దాకా రైలు, ఆపై 14 హెయిర్‌పిన్‌ల చిన్న ఘాట్. ఉదయం ఎక్కి, రాత్రి అక్కడే ఉండి, మర్నాడు దిగొచ్చు. పిల్లల్లో ఈ బాధ తొమ్మిది, పది ఏళ్ళ వయసులో ఎక్కువగా ఉండి, తర్వాత చాలామందికి తగ్గుతుందని డాక్టరు చెప్పారు. ఏలగిరి దిగేటప్పుడు ఆవలింతలు ఎక్కడ మొదలవుతాయో చూసి, కొల్లి కొండలకు తేదీ పెడతాం.